రిజెక్ట్ అయిన ప్రతిసారీ పాత టికెట్‌నే తెరవాలా, కొత్తది పెట్టాలా?

బెజవాడ_రిలీజ్

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో పాలు, కూరగాయలు ఇంటికి చేర్చే యాప్. ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండింటి రిలీజులూ నేనే చూసుకుంటాను. నా ప్రశ్న కోడ్ గురించి కాదు, స్టోర్ రివ్యూ పనులను బోర్డు మీద ఎలా రాసుకోవాలన్నదాని గురించి.

ఇప్పుడు మా బోర్డులో "3.8 స్టోర్ సబ్మిషన్" అని ఒకే టికెట్ ఉంది. పంపగానే "రివ్యూలో" అనే కాలమ్‌లోకి జరుపుతాం. రిజెక్ట్ అయితే వెనక్కి లాగుతాం. సరిచేసి పంపాక మళ్లీ ముందుకు. ఈసారి పంపిన బిల్డ్ 412 ఆపిల్ నుంచి మొదట గైడ్‌లైన్ 2.1 కింద వెనక్కి వచ్చింది. అది సరిచేసి పంపితే 5.1.1 కింద మళ్లీ వచ్చింది. ఈలోపు ప్లే స్టోర్‌లో ఫోటో పర్మిషన్ మీద అప్‌డేట్ ఆగింది. అన్నీ ఆ ఒక్క టికెట్ కిందే కామెంట్లుగా పేరుకున్నాయి. ఏ బిల్డ్ ఏ కారణంతో వెనక్కి వచ్చిందో, ఎవరు ఏం సరిచేశారో చెప్పాలంటే చాంతాడంత కామెంట్లు మొదటినుంచీ చదవాలి. "ఎక్కడ ఆగింది?" అని మేనేజర్ గారు అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు.

మీ దగ్గర ఎలా చేస్తున్నారు? రిజెక్ట్ అయిన ప్రతిసారీ కొత్త టికెట్ పెడతారా?

గోదావరి_డెవ్

మా దగ్గర రూల్ చాలా సింపుల్ అండీ. రిజెక్ట్ అయిందంటే కొత్త బిల్డ్ తప్పదు కాబట్టి, ప్రతి బిల్డ్‌కీ ఒక టికెట్. 412 రిజెక్ట్ అయితే ఆ టికెట్ మూసేసి 413కి కొత్తది తెరుస్తాం. ఎలాగూ బిల్డ్ నంబర్ పెంచకుండా అప్‌లోడ్ తీసుకోదు కదా. కాబట్టి ఎక్కడా గందరగోళం ఉండదు.

క్యూఏ_వరంగల్

మేము షీట్‌లో పెడతాం. ఒక వరుసకి ఒక సబ్మిషన్. వెర్షన్, తేదీ, ఫలితం, కారణం. బోర్డులో టికెట్ ఒకటే, దాంట్లో షీట్ లింక్. నాలుగేళ్లుగా నడుస్తోంది, ఇబ్బంది లేదు.

పాత_రిలీజర్

బెజవాడ_రిలీజ్ గారూ, ముందు ఒక మాట అడుగుతాను. మొదటి రిజెక్షన్ 2.1 అన్నారు. అందులో అసలు మెసేజ్ ఏముంది? లాగిన్ కాలేకపోయారా?

గోదావరి_డెవ్ గారి మాటలో సగం నిజం. కొత్తగా అప్‌లోడ్ చేసేదైతే నంబర్ పెరగాల్సిందే. కానీ రిజెక్ట్ అయిన ప్రతిసారీ అప్‌లోడ్ అక్కర్లేదు. డెమో ఖాతా వివరాలు, స్క్రీన్‌షాట్, వివరణలో ఒక వాక్యం లాంటివి App Store Connect లోనే మార్చేసి అదే బిల్డ్‌ని మళ్లీ పంపొచ్చు. బిల్డ్‌కో టికెట్ లెక్కన పోతే ఒకే బిల్డ్‌ని రెండుసార్లు పంపినప్పుడు ఆ రెండో ప్రయత్నానికి మీ బోర్డులో చోటే ఉండదు. లెక్క బిల్డ్‌కి కాదు, సబ్మిషన్‌కి కట్టాలి.

బెజవాడ_రిలీజ్

అవునండీ, లాగిన్ సమస్యే. `Guideline 2.1 - Information Needed` అని వచ్చింది. మా యాప్‌లో పాస్‌వర్డ్ లేదు, ఫోన్ నంబర్‌కి ఓటీపీ వస్తుంది. రివ్యూ కోసం ఒక నంబర్‌కి స్థిరమైన ఓటీపీ పెట్టించుకున్నాం. పాత రిలీజులన్నీ దాంతోనే పాసయ్యాయి. ఈ మధ్య బ్యాకెండ్ టీమ్ భద్రత కోసం పాత కోడ్ శుభ్రం చేస్తూ ఆ మినహాయింపు కూడా తీసేసింది. ఇండియా నంబర్‌కి వెళ్లే ఎస్ఎంఎస్ వాళ్లకెలా అందుతుంది? దాన్ని మళ్లీ పెట్టించి, అదే 412ని పంపాం. అప్పుడు 5.1.1(v) వచ్చింది, ఖాతా తొలగింపు గురించి.

నిజం చెప్పాలంటే అక్కడే టీమ్‌కి కోపం వచ్చింది. "మొదటిసారే రెండూ చెప్పొచ్చు కదా" అని.

పాత_రిలీజర్

అనుకున్నాను. మొదటిసారి వాళ్లు లాగిన్ స్క్రీన్ దాటలేదు. లోపల సెట్టింగ్స్‌లో ఉన్న ఖాతా తొలగింపు వాళ్లకి కనపడే అవకాశమే లేదు. కాబట్టి రెండోది కొత్తగా పుట్టిన అభ్యంతరం కాదు, మొదటి దాని వెనకాల దాగి ఉన్నది. మొదటి రిజెక్షన్ వచ్చిన రోజే "ఇది తీరాక ఇంకొకటి రావచ్చు" అని మీ బోర్డు మీకు చెప్పగలిగి ఉండాలి.

అందుకే నేను ప్రతి సబ్మిషన్‌కి ఒక కార్డు పెట్టి, అందులో "రివ్యూయర్ ఎంతవరకు వెళ్లారు" అని ఒక గడి తప్పనిసరిగా పెడతాను. రిజెక్షన్‌తో పాటు వాళ్లు పంపే స్క్రీన్‌షాట్‌లో అది కొంత తెలుస్తుంది. అంతకంటే నమ్మకమైనది మీ సర్వర్ లాగ్. డెమో నంబర్ మీరు తప్ప ఇంకెవరూ వాడరు కాబట్టి, ఆ నంబర్‌తో ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఆ తర్వాత ఏ ఏ పేజీలకి పిలుపు వచ్చింది అన్నది లాగ్‌లో చూస్తే రివ్యూయర్ నడిచిన దారంతా దొరుకుతుంది. లాగిన్ దగ్గరే ఆగిపోతే మిగతా యాప్ మీద రివ్యూ ఇంకా మొదలే కాలేదని అర్థం. అప్పుడు రిలీజ్ తేదీ మీద ఎవరికీ మాట ఇవ్వకూడదు.

మీ కేసుని నేనైతే ఇలా రాస్తాను.

ఐఓఎస్ 3.8.0, బిల్డ్ 412, మొదటి సబ్మిషన్. ఫలితం: రిజెక్ట్, 2.1. ఎంతవరకు వెళ్లారు: ఓటీపీ స్క్రీన్. కొత్త బిల్డ్ కావాలా: వద్దు. పని ఎవరిది: బ్యాకెండ్.

ఐఓఎస్ 3.8.0, బిల్డ్ 412, రెండో సబ్మిషన్. ఫలితం: రిజెక్ట్, 5.1.1(v). ఎంతవరకు వెళ్లారు: ఆర్డర్, ప్రొఫైల్, సెట్టింగ్స్. కొత్త బిల్డ్ కావాలా: కావాలి. పని ఎవరిది: ఐఓఎస్.

ఈ రెండు కార్డులూ మూసేసినవే. మళ్లీ తెరవకూడదు. రిజెక్ట్ అన్నది ఆ సబ్మిషన్‌కి తుది ఫలితం. సరిచేయాల్సిన పని విడిగా ఒక బగ్ టికెట్ అవుతుంది, దానికి యజమాని వేరే ఉంటారు. మూడో సబ్మిషన్ కార్డు ఆ బగ్ టికెట్ పూర్తయ్యాకే మొదలవుతుంది. వీటన్నిటికీ పైన "3.8 రిలీజ్" అని ఒక పెద్ద టికెట్. మీ మేనేజర్ గారు చూడాల్సింది ఆ పెద్ద టికెట్ కింద చివరి కార్డు ఒక్కటే.

ఇంకో సంగతి. రిజెక్షన్ మెసేజ్‌ని మీ మాటల్లో కుదించి రాయకండి, ఉన్నది ఉన్నట్టు అతికించండి. అందులో `Submission ID`, `Review Device`, `Version reviewed` ఉంటాయి. ఐఫోన్‌కి మాత్రమే చేసిన యాప్‌ని ఐప్యాడ్‌లో చూసి ఉండొచ్చు. "మా ఫోన్లలో బాగానే ఉందే" అని రెండు రోజులు వాదించుకున్నాక ఆ ఒక్క లైన్ చూసి అందరూ నిశ్శబ్దం అయిపోవడం నేను చూశాను.

క్యూఏ_వరంగల్

ఎంతవరకు వెళ్లారన్న గడి చాలా బాగుంది. మా షీట్‌లో అది లేదు, ఈరోజే చేరుస్తాను.

ఓటీపీతో పాటు మీలాంటి డెలివరీ యాప్‌లకి ఇంకో గొయ్యి ఉంది, బెజవాడ గారూ. రివ్యూయర్ విజయవాడలో ఉండరు. లొకేషన్ తీసుకోగానే "మీ ప్రాంతంలో మా సేవలు లేవు" అనే స్క్రీన్ వస్తే అక్కడితో అయిపోయింది. డెమో ఖాతాలో ముందే ఒక విజయవాడ చిరునామా సేవ్ చేసి, లాగిన్ కాగానే అదే ఎంపికయ్యేలా చూడండి. మా క్యూఏలో సబ్మిట్ చేసే రోజు ఉదయం ఒక పని తప్పనిసరి. ఎవరో ఒకరు కొత్త ఫోన్‌లో లొకేషన్ పర్మిషన్ ఇవ్వకుండా డెమో నంబర్‌తో లాగిన్ అయి, ఒక ఆర్డర్ పెట్టి చూపించాలి. అది టిక్ అయ్యేదాకా సబ్మిషన్ కార్డు కదలదు.

ఒంటరి_డెవలపర్

నాకూ ట్రాకింగ్ సమస్యే. నేను సొంతంగా పంచాంగం యాప్ చేశాను. ప్లే కన్సోల్‌లో ప్రొడక్షన్‌కి పంపనివ్వడం లేదు. 12 మంది టెస్టర్లు 14 రోజులు ఉండాలంటోంది. మా బంధువులని చేర్చాను, ఇద్దరు మధ్యలో వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ 14 రోజులు ఎక్కడినుంచి లెక్క పెట్టాలి? దీన్ని ఎక్కడ ట్రాక్ చేయాలి?

పాత_రిలీజర్

ఒంటరి_డెవలపర్ గారూ, మీది వేరే సంగతి. అది రివ్యూ కాదు, 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు పెట్టిన షరతు. కనీసం 12 మంది క్లోజ్డ్ టెస్ట్‌లో 14 రోజులు వరుసగా చేరి ఉండాలి. సరిగ్గా 12 మందినే పెట్టుకుంటే ఒకరు వెళ్లినా ఇబ్బందే కాబట్టి ఇరవై మందిని చేర్చుకోండి. ఎంతవరకు వచ్చిందో కన్సోల్ డ్యాష్‌బోర్డులోనే కనిపిస్తుంది. విడిగా థ్రెడ్ తెరవండి, అక్కడ వివరంగా మాట్లాడుకుందాం.

బెజవాడ_రిలీజ్

పాత_రిలీజర్ గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. లాగ్ తీయించి చూశాను. మొదటిసారి ఓటీపీ రెండుసార్లు అడిగి ఆగిపోయారు. రెండోసారి ప్రొఫైల్ దాకా వచ్చారు. మీరన్నది అక్షరాలా నిజం.

5.1.1(v) మీద ఒక సందేహం. మా యాప్‌లో "ఖాతా తొలగించు" బటన్ ఉంది. నొక్కితే కస్టమర్ కేర్‌కి ఫోన్ కలుస్తుంది. ఎందుకంటే చాలామందికి వాలెట్‌లో డబ్బు ఉంటుంది, కొందరికి నెల పాల బిల్లు బాకీ ఉంటుంది. అవి తేలకుండా ఖాతా ఎలా తీసేస్తాం అని అకౌంట్స్ వాళ్లు ఒప్పుకోవడం లేదు.

గోదావరి_డెవ్

మెయిల్ లింక్ పెట్టేయండి, సరిపోతుంది. మా పాత యాప్‌లో అలాగే ఉండేది, ఎప్పుడూ అడగలేదు.

పాత_రిలీజర్

పాత యాప్ అంటే 2022 జూన్ 30కి ముందా అండీ? ఆ రోజు నుంచి ఖాతా తెరవనిచ్చే ప్రతి యాప్ లోపలి నుంచే తొలగింపు మొదలుపెట్టే దారి కూడా ఇవ్వాలి. ఫోన్ చెయ్యండి, మెయిల్ రాయండి అంటే చాలదు. ఆ వెసులుబాటు కఠినమైన నియంత్రణ ఉన్న రంగాలకే. పాల యాప్ అందులోకి రాదు.

కానీ అకౌంట్స్ వాళ్ల భయానికి దారి ఉంది. తొలగింపు తక్షణం జరగాలని లేదు. కొంత సమయం పడుతుందని ముందే చెప్పి, పూర్తయ్యాక తెలియజేయొచ్చు. చట్టం ప్రకారం దాచాల్సిన బిల్లుల రికార్డు దాచుకోవచ్చు. వాలెట్‌లో మిగిలింది వెనక్కి ఇచ్చే స్క్రీన్ మధ్యలో పెట్టొచ్చు. బాకీ ఉన్నవాళ్లని పూర్తిగా ఆపేయొచ్చా అన్నదే నాకు తేలని విషయం. నేనైతే ఆపను. తొలగింపు అభ్యర్థన తీసుకుని, బాకీ సంగతి విడిగా చూసుకుంటాను.

ఇదంతా ఆ బగ్ టికెట్‌లో ఉండాలి, సబ్మిషన్ కార్డులో కాదు. అకౌంట్స్, డిజైన్, ఐఓఎస్ ముగ్గురి చర్చ సబ్మిషన్ కార్డులోకి వస్తే మళ్లీ చాంతాడే. ప్లే స్టోర్‌కి కూడా అదే టికెట్ పనికొస్తుంది. అక్కడ యాప్‌లో దారితో పాటు, యాప్ తీసేసినవాళ్లు కూడా అడగగలిగేలా ఒక వెబ్ లింక్ డేటా సేఫ్టీ ఫారంలో ఇవ్వాలి.

సికింద్రాబాద్_ఆండ్రాయిడ్

ప్లే వైపు సంగతి ఎవరూ మాట్లాడలేదు. అక్కడ వచ్చింది `READ_MEDIA_IMAGES` మీదేనా? పాల ప్యాకెట్ చిరిగితే ఫోటో పెట్టడం లాంటిదే అయి ఉంటుంది.

బెజవాడ_రిలీజ్

సరిగ్గా అదే అండీ. ఫిర్యాదుకి ఫోటో జతచేయడం. మావాళ్లు ఆ పర్మిషన్ తీసేసి, ఫోటో పికర్ పెట్టి, versionCode పెంచి పంపారు. అయినా అదే కారణంతో మళ్లీ రిజెక్ట్. ఇదేమిటో అర్థం కాలేదు.

సికింద్రాబాద్_ఆండ్రాయిడ్

రెండు చోట్ల చూడండి. మొదటిది, మీ కోడ్‌లో తీసేసినా ఏదో ఎస్‌డీకే తన మానిఫెస్ట్‌లో అదే పర్మిషన్ తెచ్చి కలిపేస్తుంది. పంపిన బండిల్‌ని కన్సోల్‌లోని `App bundle explorer` లో తెరిచి పర్మిషన్ల జాబితా చూడండి. ఇంకా కనిపిస్తే మీ మానిఫెస్ట్‌లో ఇలా రాయండి.

```xml
<uses-permission
    android:name="android.permission.READ_MEDIA_IMAGES"
    tools:node="remove" />
```

రెండోది ట్రాకులు. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ప్రొడక్షన్‌కి మంచి బండిల్ పంపినా, ఎప్పుడో క్లోజ్డ్ టెస్ట్‌లో వదిలేసిన పాత బండిల్ ఇంకా యాక్టివ్‌గా ఉంటే అభ్యంతరం అలాగే నిలబడుతుంది. ప్రొడక్షన్‌లో కూడా కొత్తది 10 శాతానికి మాత్రమే వదిలితే మిగతా వాళ్లకి పాతది నడుస్తూనే ఉన్నట్టు. పాలసీ సరిచేసే రిలీజ్‌ని అన్ని ట్రాకులకీ పంపి, 100 శాతం చేయాలి. అప్పుడే పాతది పక్కకి పోతుంది.

కాబట్టి ఆండ్రాయిడ్ సబ్మిషన్ కార్డులో ఒక బిల్డ్ నంబర్ రాస్తే చాలదు. ప్రతి ట్రాక్‌లో ఇప్పుడు ఏ versionCode యాక్టివ్‌గా ఉందో రాయాలి. మాకు ఇంటర్నల్, క్లోజ్డ్, ప్రొడక్షన్ అని కార్డులో గడులు ఉంటాయి. రిజెక్షన్ రాగానే ముందు చూసేది అవే.

బెజవాడ_రిలీజ్

ఇప్పుడే చూశాను. ఎస్‌డీకే వైపు ఏమీ లేదు. క్లోజ్డ్ టెస్ట్‌లో సంక్రాంతి ఆఫర్ల కోసం పెట్టిన పాత బండిల్ అలాగే ఉంది! ఆ ట్రాక్ సంగతి మా ఎవరికీ గుర్తు లేదు. ధన్యవాదాలండీ, ఈ ఒక్క జవాబుతో మా ఆండ్రాయిడ్ టెన్షన్ తీరింది.

ప్రొడక్ట్_ఫ్రిస్కో

నేను మేనేజర్ల వైపు నుంచి ఒక ప్రశ్న వేస్తాను. పెద్ద టికెట్‌ని "అయిపోయింది" అని ఎప్పుడు అనాలి? మా టీమ్‌లో అప్రూవ్ కాగానే మూసేస్తారు. మార్కెటింగ్ వాళ్లు అది చూసి ప్రకటన ఇచ్చేస్తారు. తీరా చూస్తే యాప్ `Pending Developer Release` లో కూర్చుని ఉంటుంది, ఎవరూ బటన్ నొక్కలేదు.

క్యూఏ_వరంగల్

మేము స్టోర్‌లో కొత్త వెర్షన్ ఒక మామూలు ఫోన్‌లో దిగాకే మూస్తాం. స్క్రీన్‌షాట్ తప్పనిసరి.

పాత_రిలీజర్

తేదీ ముందే ఖాయమైన రిలీజ్ అయితే అప్రూవల్, విడుదల రెండూ వేరే పనులుగానే ఉండాలి. ఆపిల్‌లో మాన్యువల్ రిలీజ్ ఎంచుకుని, ప్లేలో మేనేజ్డ్ పబ్లిషింగ్ ఆన్ చేస్తే రెండింటినీ ముందే పాస్ చేయించుకుని అదే రోజు వదలొచ్చు. సగటున 90 శాతం సబ్మిషన్లు 24 గంటల్లోపే చూస్తామని ఆపిల్ చెప్తుంది, ప్లేలో ఏడు రోజులు లేదా అంతకంటే ఎక్కువ పట్టొచ్చని గూగుల్ చెప్తుంది. ఇవి ఒక్క రివ్యూకి పట్టే సమయాలు. మీ ప్రణాళికలో కనీసం ఒక రిజెక్షన్, దాని సవరణ, రెండో రివ్యూ పట్టేంత చోటు ఉండాలి. తేదీ దగ్గరపడిందని క్యూలో ఉన్న సబ్మిషన్‌ని వెనక్కి తీసి చిన్న మార్పు చేర్చి పంపే అలవాటు మానుకోండి, మళ్లీ మొదటినుంచి వేచి ఉండాలి.

ఇక ఫేజ్డ్ రిలీజ్ మీద నాది వేరే అభిప్రాయం. ఆపిల్‌లో అది ఏడు రోజులు నడుస్తుంది, 1 శాతంతో మొదలై చివరి రోజుకి 100 అవుతుంది. మధ్యలో క్రాష్‌లు పెరిగితే ఆపొచ్చు. ఆ ఏడు రోజులూ పెద్ద టికెట్ తెరిచే ఉండాలని నేనంటాను.

ప్రొడక్ట్_ఫ్రిస్కో

అది కష్టం. స్ప్రింట్ ముగుస్తుంది, టికెట్ తెరిచి ఉంటే టీమ్ పని పూర్తి చేయనట్టు రిపోర్టులో కనిపిస్తుంది. రోలవుట్ గమనించడం వేరే టికెట్ కావాలి, వేరే స్ప్రింట్‌లో.

పాత_రిలీజర్

రిపోర్టు కోసం టికెట్ మూయడం నాకు నచ్చదు. కానీ వేరే టికెట్‌కి ఒక మనిషి పేరు ఉంటే అభ్యంతరం లేదు. పేరు లేని రోలవుట్ టికెట్‌ని ఎవరూ చూడరు.

గోదావరి_డెవ్

ఇవన్నీ చేత్తో రాయడం ఎందుకు? App Store Connect ఇప్పుడు వెర్షన్ స్థితి మారగానే వెబ్‌హుక్ పంపుతుంది. దాన్ని బోర్డుకి కలిపితే కార్డు దానంతటదే కదులుతుంది. మేము పోయిన నెల పెట్టాం, బాగా పనిచేస్తోంది.

సికింద్రాబాద్_ఆండ్రాయిడ్

ఐఓఎస్‌కి మంచి ఆలోచనే. ప్లే వైపు మేమింకా మెయిల్ మీదే ఆధారపడుతున్నాం. అది కూడా ఖాతా యజమాని పాత మెయిల్‌కి పోకుండా టీమ్ మెయిల్‌కి వచ్చేలా మార్చుకున్నాం.

పాత_రిలీజర్

కార్డు కదలడం వెబ్‌హుక్‌కి వదిలేయండి, సంతోషం. కానీ రిజెక్ట్ అని వచ్చినప్పుడు కార్డుని దానంతటది మూసేయనివ్వకండి. రివ్యూయర్ ఎంతవరకు వెళ్లారు, కొత్త బిల్డ్ కావాలా, పని ఎవరిది అన్న మూడు గడులూ ఒక మనిషి లాగ్ చూసి నింపాకే మూయాలి.

గోదావరి_డెవ్

మాది ఇప్పుడు రిజెక్ట్ రాగానే మూసి కొత్త కార్డు తెరిచేస్తోంది. అది మారుస్తాను. డెమో నంబర్ లాగ్‌ని కూడా అదే సమయానికి కార్డులో అతికించేలా చేయొచ్చేమో చూడాలి.

బెజవాడ_రిలీజ్

గోదావరి గారూ, అది చేస్తే దయచేసి ఇక్కడ రాయండి. మేము పాత టికెట్‌ని విడగొట్టేశాం. 413, 414 టెస్టర్లకే వెళ్లాయి కాబట్టి మూడో సబ్మిషన్ 415తో వెళ్తుంది. వాలెట్ డబ్బు వెనక్కి ఇచ్చే స్క్రీన్‌కి అకౌంట్స్ ఒప్పుకున్నారు, బాకీ ఉన్నవాళ్ల సంగతి మీద ఇంకా మాట్లాడుతున్నారు. అది తేలేదాకా మూడో కార్డు తెరవను.